యూనిట్ సెల్, ప్యాకింగ్, సాంద్రత: ఇంటర్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. ఘనస్థితి పాఠం అయ్యాక స్టడీ అవర్లో నా దగ్గరికి వచ్చే సందేహాలన్నీ దాదాపు ఒకే లెక్క చుట్టూ తిరుగుతాయి. సాంద్రత ఇచ్చి, యూనిట్ సెల్ అంచు పొడవు ఇచ్చి, నిర్మాణం ఏదో చెప్పమనే లెక్క అది. ఆ ప్రశ్నలనే ఇక్కడ రాశాను. వరసగా చదివితే బాగుంటుంది, ఎందుకంటే మొదట్లో చేసిన లెక్కే చివరిదాకా పనికొస్తుంది.

మూల మీద ఉన్న పరమాణువును ఎనిమిదో వంతుగా ఎందుకు లెక్కపెడతాం?

జాలకంలో యూనిట్ సెల్ ఒంటరిగా ఉండదు. పక్కన, పైన, కింద అలాంటి పెట్టెలే అతుక్కుని ఉంటాయి. ఒక మూల దగ్గర ఎనిమిది పెట్టెలు కలుస్తాయి కాబట్టి ఆ పరమాణువులో ఒక్కో పెట్టెకు 1/8 భాగమే వస్తుంది. ముఖం మధ్యలో ఉన్నదాన్ని రెండు పెట్టెలు పంచుకుంటాయి, అంటే 1/2. పెట్టె నడిమధ్యలో ఉన్నది పూర్తిగా ఆ పెట్టెదే.

అందుకే సింపుల్ క్యూబిక్‌లో (సరళ ఘనం) 8 × 1/8 = 1. బీసీసీలో (అంతఃకేంద్రిత ఘనం) 1 + 1 = 2. ఎఫ్‌సీసీలో (ఫలక కేంద్రిత ఘనం) 1 + 6 × 1/2 = 4. ఈ సంఖ్యనే Z అంటాం. మూలకానికి క్యూబిక్ జాలకం అని చెప్పి, ఈ మూడింటిలో ఏదో కనుక్కోమంటే Z విలువ 1, 2, 4 లలో ఒకటి కావాలి. 3 వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

సార్, బీసీసీకీ ఎఫ్‌సీసీకీ తేడా బొమ్మలో తెలుస్తోంది గానీ మనసుకు ఎక్కడం లేదు. ఎలా ఊహించుకోవాలి?

పొదలకూరు నిమ్మకాయల యార్డు చూసినవాళ్లకు ఇది తేలిక. ఒకే సైజు గుండ్రటి కాయలు తీసుకుని ట్రేలో చదరంగం గళ్లలా వరసగా పేర్చండి. ప్రతి కాయా పక్క కాయను తాకాలి. ఇప్పుడు రెండో పొరలో ఒక్కో కాయను కింది కాయ నెత్తి మీదే నిలబెడితే అది సింపుల్ క్యూబిక్. నిలబడదు కదా, జారిపోతుంది. ప్రకృతిలో కూడా ఈ అమరిక చాలా అరుదు. మూలకాల్లో పొలోనియం ఒక్కటే పేరున్న ఉదాహరణ.

అదే రెండో పొర కాయల్ని కింది నాలుగు కాయల మధ్య గుంటలో కూర్చోబెడితే వచ్చేది ఎఫ్‌సీసీ. ఒక్కో కాయ తన పొరలో నలుగురిని, పైన నలుగురిని, కింద నలుగురిని తాకుతుంది. మొత్తం పన్నెండు.

ఇక బీసీసీ. కింది పొర కాయల్ని ఒకదానికొకటి తగలకుండా కొంచెం ఎడంగా జరపండి. రెండు కాయల కేంద్రాల మధ్య దూరం వ్యాసం కన్నా సుమారు 15 శాతం ఎక్కువ ఉండేలా చూడండి. ఇప్పుడు గుంట వెడల్పయింది కాబట్టి పై కాయ ఇంకా లోతుగా దిగుతుంది, పొరల మధ్య దూరం తగ్గుతుంది. కానీ ఒకే పొరలోని కాయలు ఇప్పుడు ఒకదాన్నొకటి తాకవు. పైన నాలుగు, కింద నాలుగు, అంతే. అందుకే సమన్వయ సంఖ్య 8.

ఈ బొమ్మ మనసులో ఉంటే ఒక పెద్ద పొరపాటు తప్పుతుంది. బీసీసీలో అంచు వెంబడి పరమాణువులు తాకవు, కాబట్టి a = 2r రాయకూడదు. అవి తాకేది ఘనం లోపలి కర్ణం వెంబడి.

52.4, 68, 74 శాతాలు బట్టీ పట్టాలా, లేక రాబట్టవచ్చా?

రాబట్టడానికి రెండు నిమిషాలు చాలు. పరమాణువులు ఏ గీత వెంబడి తాకుతున్నాయో తెలిస్తే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ఎఫ్‌సీసీలో ముఖ కర్ణం వెంబడి తాకుతాయి. ఆ కర్ణం పొడవు √2 a. దాని మీద ఒక చివర సగం పరమాణువు, మధ్యలో పూర్తి పరమాణువు, ఇంకో చివర సగం ఉంటాయి, అంటే 4r. కాబట్టి a = 2√2 r, పెట్టె ఘనపరిమాణం a³ = 16√2 r³. అందులో నాలుగు గోళాల ఘనపరిమాణం 4 × (4/3)πr³ = (16/3)πr³. భాగిస్తే π/(3√2), అంటే 0.7405.

బీసీసీలో లోపలి కర్ణం √3 a = 4r. గోళాలు రెండు. అదే పద్ధతిలో చేస్తే √3π/8 = 0.680. సింపుల్ క్యూబిక్‌లో a = 2r, గోళం ఒకటి, π/6 = 0.524.

మూడు చోట్లా చివర్లో r కొట్టేసుకుపోయింది, గమనించండి. పరమాణువు చిన్నదైనా పెద్దదైనా ప్యాకింగ్ శాతం మారదు. «చిన్న పరమాణువులు బాగా సర్దుకుంటాయి కాబట్టి ఎఫిషియెన్సీ ఎక్కువ» అని జవాబు రాసేవాళ్లు ఏటా కొందరుంటారు. ఒకే సైజు గోళాలకు అది నిజం కాదు.

74 కన్నా ఎక్కువ ప్యాకింగ్ ఉండదా?

ఒకే సైజు గోళాలతో ఉండదు. 1611లో కెప్లర్ అలా అనుకున్నాడు. థామస్ హేల్స్ రుజువు ప్రకటించింది 1998లో. వేర్వేరు సైజుల గోళాలు కలిస్తే చిన్నవి పెద్దవాటి సందుల్లో దూరతాయి కాబట్టి అప్పుడు ఈ హద్దు వర్తించదు.

సాంద్రతకూ యూనిట్ సెల్‌కూ సంబంధం ఎలా వస్తుంది?

కొత్త సూత్రమేమీ లేదు. సాంద్రత అంటే ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించడమే. పెద్ద లోహపు ముక్కకు బదులు ఒక్క యూనిట్ సెల్‌కు అదే పని చేస్తున్నాం. ముక్క అంతా ఆ పెట్టెల పునరావృతమే కాబట్టి పెట్టె సాంద్రతే ముక్క సాంద్రత.

పెట్టె ద్రవ్యరాశి Z × M / N_A, ఘనపరిమాణం a³. కాబట్టి

ρ = Z M / (N_A a³)

ఇందులో ρ, M లను సాధారణంగా ప్రశ్నలోనే ఇస్తారు. a ఎక్స్‌రే వివర్తనం నుంచి వస్తుంది. తెలియనిది Z ఒక్కటే. అది పూర్ణసంఖ్య కావాలి కాబట్టి, కొలతల్లో చిన్న తేడాలున్నా జవాబు ఏదో తేలిపోతుంది. 1.97 వచ్చినా 2.03 వచ్చినా అది 2. ఈ లెక్కలో నాకు ఎంతో నచ్చే సంగతి ఇదే. త్రాసుతో, కొలజాడీతో తేల్చే సాంద్రత, కంటికి కనిపించని పెట్టెలో ఎన్ని పరమాణువులున్నాయో చెప్పేస్తుంది.

ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించండి.

ప్రశ్న: ఒక లోహం క్యూబిక్ జాలకంలో ఉంది. అంచు పొడవు 286.6 pm, సాంద్రత 7.87 g/cm³, మోలార్ ద్రవ్యరాశి 55.85 g/mol. యూనిట్ సెల్ రకం, పరమాణు వ్యాసార్థం, ప్యాకింగ్ ఎఫిషియెన్సీ కనుక్కోండి.

ముందు యూనిట్లు సర్దుకోవాలి. సాంద్రత సెంటీమీటర్లలో ఉంది కాబట్టి a ని కూడా సెంటీమీటర్లలోకి తేవాలి. 1 pm = 10⁻¹⁰ cm. కాబట్టి a = 2.866 × 10⁻⁸ cm. ఘనం చేస్తే a³ = 2.354 × 10⁻²³ cm³.

ఇప్పుడు Z = ρ N_A a³ / M

= 7.87 × 6.022 × 10²³ × 2.354 × 10⁻²³ / 55.85

10²³, 10⁻²³ కొట్టేసుకుపోతాయి. పైన 111.6 మిగులుతుంది. దాన్ని 55.85తో భాగిస్తే 1.998. అంటే Z = 2, బీసీసీ.

రకం తేలాకే వ్యాసార్థం జోలికి వెళ్లాలి. బీసీసీ కాబట్టి r = √3 a / 4 = 0.433 × 286.6 = 124.1 pm. ఇక్కడ తొందరపడి ఎఫ్‌సీసీ సూత్రం వాడితే 101.3 pm వస్తుంది. చూడటానికి ఆ అంకె కూడా సబబుగానే కనిపిస్తుంది, కాబట్టి తప్పు తనంతట తాను బయటపడదు. అందుకే Z ముందు, r తర్వాత.

ప్యాకింగ్ ఎఫిషియెన్సీ: 2 × (4/3)π × (124.1)³ / (286.6)³ = 0.680, అంటే 68 శాతం. ఇది బీసీసీకి రావలసిన విలువే, కాబట్టి r కూడా సరిగ్గా వచ్చిందని ధైర్యంగా అనుకోవచ్చు. ఈ లోహం ఇనుము.

నాకు Z విలువ 0.000002 వచ్చింది. ఎక్కడ తప్పు?

a ని మీటర్లలోకి మార్చి, సాంద్రతను మాత్రం g/cm³ లోనే ఉంచారు. క్యూబిక్ మీటరులో పది లక్షల క్యూబిక్ సెంటీమీటర్లుంటాయి, అందుకే జవాబు సరిగ్గా పది లక్షల రెట్లు తగ్గింది.

0.002 వస్తే తప్పు వేరే. సాంద్రతను 7870 kg/m³గా, a ని మీటర్లలో సరిగ్గానే రాశారు, M ని మాత్రం గ్రాముల్లో వదిలేశారు. దాన్ని 0.05585 kg/mol చేస్తే సరిపోతుంది.

అంటే 2 అనే అంకె కనబడుతూ పది ఘాతాలు మాత్రమే తేడాగా ఉంటే లెక్క సరే, యూనిట్లు తప్పు. అంకెలే వింతగా ఉంటే, ఉదాహరణకు 0.7 లాంటిది వస్తే, 10⁻⁸ ను ఘనం చేసి, 2.866 ను మాత్రం వర్గం చేసి వదిలేశారేమో చూసుకోండి. పరీక్షలో టెన్షన్‌లో ఇదీ జరుగుతుంది.

ప్యాకింగ్ ఎక్కువైతే సాంద్రత ఎక్కువ అని రాయవచ్చా?

ఒకే మూలకం, ఒకే వ్యాసార్థం అనుకున్నప్పుడే రాయాలి. వేర్వేరు మూలకాల మధ్య ఈ మాట నిలవదు. ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే వ్యాసరూప జవాబుల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

సూత్రాన్ని ఇంకోలా రాసి చూడండి. ప్యాకింగ్ భిన్నాన్ని η అనుకుంటే,

ρ = η × (ఒక పరమాణువు ద్రవ్యరాశి) / (ఒక పరమాణువు ఘనపరిమాణం)

ఇప్పుడు సాంద్రతను నిర్ణయించేవి మూడని స్పష్టంగా కనబడుతుంది: పరమాణువు బరువు, దాని సైజు, అమరిక. మూడింటిలో అమరికకున్న పరిధి చాలా చిన్నది. క్యూబిక్ జాలకాల మధ్య 52.4 నుంచి 74 దాకా, అంటే ఒకటిన్నర రెట్లు కూడా తేడా లేదు.

సోడియం, ఇనుము, టంగ్‌స్టన్ మూడూ బీసీసీ. మూడింటికీ ప్యాకింగ్ 68 శాతమే. కానీ సోడియం సాంద్రత 0.97, నీళ్లకన్నా తేలిక. ఇనుము 7.87. టంగ్‌స్టన్ 19.3. ఇరవై రెట్ల తేడా అంతా పరమాణువు బరువు, సైజుల వల్లే వచ్చింది.

వెండి, బంగారం ఇంకా చక్కని జంట. రెండూ ఎఫ్‌సీసీ. వెండి అంచు పొడవు 408.6 pm, బంగారానిది 407.8 pm. పెట్టె సైజు దాదాపు ఒకటే, లోపల నాలుగేసి పరమాణువులే. అయినా వెండి సాంద్రత 10.5, బంగారానిది 19.3. తేడా మోలార్ ద్రవ్యరాశిది: 107.9, 197.0. వీటి నిష్పత్తి 1.83, సాంద్రతల నిష్పత్తి 1.84. ఆ మిగిలిన కాస్తా పెట్టె సైజులోని చిన్న తేడా వల్ల వచ్చింది. «బంగారం ఎక్కువ సాంద్రత కలది, కాబట్టి దాని ప్యాకింగ్ ఎక్కువ» అని రాస్తే అది తప్పు జవాబే.

ఒకే లోహం బీసీసీ నుంచి ఎఫ్‌సీసీకి మారితే సాంద్రత ఎంత పెరుగుతుంది?

పుస్తకం లెక్కలో, వ్యాసార్థం మారదనుకుంటే, 74.05ను 68.02తో భాగించాలి. 1.089 వస్తుంది, అంటే సుమారు 9 శాతం పెరగాలి. పరీక్షలో అడిగితే ఈ జవాబే రాయండి, అయితే «r మారదని అనుకుంటే» అన్న మాట తప్పకుండా చేర్చండి.

ఆ మాట ఎందుకంత ముఖ్యమో ఇనుమే చూపిస్తుంది. ఇనుమును వేడిచేస్తే 912 డిగ్రీల సెల్సియస్ దగ్గర బీసీసీ నుంచి ఎఫ్‌సీసీకి మారుతుంది. అప్పుడు అది నిజంగానే కుంచించుకుపోతుంది, కానీ ఘనపరిమాణంలో తగ్గేది సుమారు 1 శాతమే. మిగతా 8 శాతం ఏమైంది?

పరమాణువు గట్టి గోళం కాదు. బీసీసీలో దానికి ఎనిమిది పొరుగులు, ఎఫ్‌సీసీలో పన్నెండు. బంధానికి ఇవ్వగల ఎలక్ట్రాన్లు అవే ఉన్నప్పుడు, పన్నెండు మందికి పంచితే ఒక్కో బంధం కొంచెం బలహీనపడి, కొంచెం పొడవవుతుంది. ఇనుములో ఆ పెరుగుదల దాదాపు 2.5 శాతం. పొడవులో 2.5 శాతం అంటే ఘనపరిమాణంలో ఏడున్నర శాతానికి పైమాటే. మెరుగైన అమరిక వల్ల వచ్చిన లాభాన్ని పొడవైన బంధాలు దాదాపుగా తినేశాయి. కాబట్టి ఒక నిర్మాణం నుంచి తీసిన r విలువను ఇంకో నిర్మాణంలో పెట్టి సాంద్రత ఊహించకూడదు.

ఇదే కారణంతో a, ρ రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలిచినవై ఉండాలి.

ఉప్పు సంగతి ఏంటి? దానికి 74 శాతం వాడాలా?

వాడకూడదు. 74 శాతం ఒకే సైజు గోళాలది. సోడియం క్లోరైడ్‌లో రెండు సైజుల అయాన్లున్నాయి. జాలకం ఎఫ్‌సీసీయే, కానీ Z = 4 అంటే నాలుగు Na⁺, నాలుగు Cl⁻, కలిపి నాలుగు NaCl యూనిట్లు. M కూడా 58.44 తీసుకోవాలి. 23 మాత్రమే వేసుకునేవాళ్లున్నారు, జాగ్రత్త.

a = 564 pm. 5.64 × 10⁻⁸ ను ఘనం చేస్తే 1.794 × 10⁻²² cm³. సాంద్రత = 4 × 58.44 / (6.022 × 10²³ × 1.794 × 10⁻²²) = 2.16 g/cm³. ఉప్పు స్ఫటికాన్ని నిజంగా కొలిచినా 2.16 – 2.17 వస్తుంది.

ఇక్కడ తాకే గీత కూడా మారుతుంది. అంచు వెంబడి Cl⁻, Na⁺, Cl⁻ వరసగా తాకుతాయి, కాబట్టి a = 2(r₊ + r₋). Na⁺ 102, Cl⁻ 181 వేస్తే 566 pm వస్తుంది, సరిపోయింది. అలవాటుగా √2 a = 4r వేస్తే క్లోరైడ్‌కు 199 pm వస్తుంది. అది నిజమైన 181 కన్నా చాలా ఎక్కువ. అంటే క్లోరైడ్లు ఒకదాన్నొకటి తాకడం లేదు, మధ్యలో సోడియం వాటిని ఎడంగా పట్టుకుని ఉంది.

అల్లూరు దగ్గర ఇసకపల్లి ఉప్పు మడుల నుంచి వచ్చిన ఒక అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు: లీటరు డబ్బాలో ఉప్పు నింపి తూస్తే రెండు కిలోల పైన ఎందుకు రాదు? మనం లెక్కించింది స్ఫటికం లోపలి సాంద్రత. డబ్బాలో గల్లుకూ గల్లుకూ మధ్య గాలి ఉంది. ఆ ఖాళీ యూనిట్ సెల్ లెక్కలోకి రాదు. యూనిట్ సెల్ సూత్రం వాడాలంటే గాలి సందులు లేని స్ఫటికం సాంద్రతే ఇవ్వాలి.

కొలిచిన సాంద్రత, లెక్కించిన సాంద్రత కన్నా తక్కువగా ఉంటే?

గాలి సందులు లేవని తేలాక కూడా తక్కువగా ఉంటే, జాలకంలో కొన్ని స్థానాలు ఖాళీగా ఉన్నాయని అర్థం చేసుకోవచ్చు. ఐరన్ ఆక్సైడ్ దీనికి మంచి ఉదాహరణ. FeO అని రాస్తాం, నిర్మాణం ఉప్పు లాంటిదే, a సుమారు 430 pm. సూత్రంలో వేస్తే 6.00 g/cm³ రావాలి. కానీ నిజమైన నమూనాల్లో ఇనుము ఎప్పుడూ కొంత తక్కువే ఉంటుంది. వంద ఆక్సిజన్లకు 95 ఇనుములే ఉన్నాయనుకుంటే M 69.06 అవుతుంది, సాంద్రత 5.77కు దిగుతుంది. తగ్గిన ఆవేశాన్ని కొన్ని Fe²⁺ అయాన్లు Fe³⁺గా మారి సరిచేస్తాయి.

ఇలాంటి లెక్కలో Z ని కనుక్కోమంటే 3.8 లాంటిది రావచ్చు. అప్పుడు 4 అని సరిచేసి, లోటును ఖాళీ స్థానాల కింద వివరించాలి. శుద్ధ లోహానికి 3.8 వస్తే మాత్రం ఈ వివరణ రాయకండి. లోహాల్లో మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఖాళీలు అంత ఎక్కువగా ఉండవు. లెక్క మళ్లీ చూసుకోవాలి.

సాంద్రత ఒక్కటి ఇస్తే నిర్మాణం చెప్పేయవచ్చా?

లేదు. a కావాలి, జాలకం క్యూబిక్ అని కూడా తెలియాలి. షట్కోణ సన్నిహిత అమరికకు కూడా ప్యాకింగ్ 74 శాతమే. ఒకే పరమాణువు, ఒకే వ్యాసార్థం అయితే ఎఫ్‌సీసీకీ దానికీ సాంద్రతలో తేడా ఉండదు. మూడో పొర ఎక్కడ కూర్చుందన్నదే తేడా, దాన్ని త్రాసు చూపించలేదు. రెండింటినీ వేరుచేసేది ఎక్స్‌రే వివర్తనంలో ఏ కోణాల దగ్గర శిఖరాలు వచ్చాయన్నదే. అందుకే ప్రశ్నలో «క్యూబిక్» అన్న మాట ఉందో లేదో ముందే చూసుకుని, జవాబులో «ఇచ్చిన జాలకం క్యూబిక్ కాబట్టి» అని ఒక వాక్యం రాయండి. Z = 4 వచ్చాక ఎఫ్‌సీసీ అని తేల్చడానికి మీకున్న ఆధారం ఆ వాక్యమే.